మీకు తెలుసా? ఇంగ్లండ్ పిల్లలకు ఇక్కడి నుంచి లెక్కలు చెప్పే టీచరు ప్రొఫైల్‌లో ఏముండాలో

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని లండన్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్న టీచర్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్ల ప్రొఫైల్ చదివి ఫీజు కట్టే అమ్మానాన్నలు అక్కడున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. "పదిహేనేళ్ల అనుభవం, అన్ని సిలబస్‌లూ, నూటికి నూరు శాతం ఫలితాలు" అని రాస్తే ఆ తల్లిదండ్రులకు తెలిసేది ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో ప్రైవేటు ట్యూషన్ చెప్పడానికి చట్టప్రకారం ఏ డిగ్రీ, ఏ లైసెన్సూ అక్కర్లేదు. అందుకే టీచరు ఎలాంటివాడో తెలుసుకోవడానికి వాళ్లకు ముందుగా దొరికేది ఆ ప్రొఫైలే. అందులోని ప్రతి వాక్యాన్నీ చదివేవాళ్లు సరిచూసుకోగలగాలి. అక్కడ పదో తరగతి ఈడు పిల్లలు రాసే జీసీఎస్‌ఈ మ్యాథ్స్‌ను తీసుకుని, అలాంటి ప్రొఫైల్ ఎలా ఉండాలో చూద్దాం.

1. "యూకే సిలబస్" అనే సిలబస్ ఒక్కటి లేదని మీకు తెలుసా?

బ్రిటన్‌లో నాలుగు ప్రాంతాలున్నాయి, వాటి చదువులు వేర్వేరు. ఇంగ్లండ్ పిల్లలు జీసీఎస్‌ఈ రాస్తారు. దానికి 9 నుంచి 1 వరకు అంకెల గ్రేడ్లు, 9 అన్నిటికన్నా పైది. లెక్కల్లో ఈ కొత్త పద్ధతి 2015లో మొదలై, మొదటి ఫలితాలు 2017లో వచ్చాయి. వేల్స్‌లోనూ జీసీఎస్‌ఈ అనే పేరే ఉన్నా బోర్డు వేరు, గ్రేడ్లు అక్షరాల్లో ఉంటాయి. ఉత్తర ఐర్లండ్‌కు సొంత బోర్డు ఉంది. స్కాట్లండ్‌లో జీసీఎస్‌ఈయే లేదు. అక్కడ ఆ ఈడు పిల్లలు నేషనల్ 5 రాస్తారు. ఎడిన్‌బరాలో ఉన్న పాపకు జీసీఎస్‌ఈ పేపర్లతో తర్ఫీదు ఇస్తే ఆ శ్రమలో సగం వృథా.

ఇంగ్లండ్‌లోనూ బోర్డులు ఒకటికి మించి ఉన్నాయి. లెక్కల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. పియర్సన్ ఎడెక్సెల్ కోర్సు కోడ్ 1MA1, ఏక్యూఏది 8300, ఓసీఆర్‌ది J560. ఏ పాఠాలుండాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి మూడింటిలోనూ విషయం ఒక్కటే. తేడా పేపర్ల అమరికలో ఉంటుంది. ఎడెక్సెల్, ఏక్యూఏ పరీక్షల్లో గంటన్నర పేపర్లు మూడు, ఒక్కోటి 80 మార్కులు, మొత్తం 240. క్యాలిక్యులేటర్ వాడకూడనిది మొదటి పేపరు. ఓసీఆర్‌లోనూ గంటన్నర పేపర్లు మూడే, కానీ ఒక్కోటి 100 మార్కులు. అక్కడ క్యాలిక్యులేటర్ లేనిది మధ్య పేపరు.

ప్రైవేటు స్కూళ్లలోనూ గల్ఫ్, సింగపూర్ లాంటి చోట్లా ఐజీసీఎస్‌ఈ ఉంటుంది, అది మళ్లీ వేరే కోర్సు. కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ కోడ్ 0580, ఎడెక్సెల్ ఐజీసీఎస్‌ఈ కోడ్ 4MA1. ఈ రెండో దానిలో రెండు పేపర్లకూ క్యాలిక్యులేటర్ వాడొచ్చు. అందుకని ప్రొఫైల్‌లో మొదటి వరుసలోనే కోర్సు కోడ్ రాయాలి. తల్లిదండ్రులు తమ బిడ్డ స్కూలు చెప్పిన కోడ్‌ను దీనితో పోల్చుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క పోలికతోనే అనవసరమైన ఫోన్లు సగం తగ్గుతాయి.

2. ఒకే పరీక్షలో రెండు మెట్లున్నాయని, కింది మెట్టు మీద 5కు మించి గ్రేడు రాదని మీకు తెలుసా?

జీసీఎస్‌ఈ మ్యాథ్స్‌ను ఫౌండేషన్, హయ్యర్ అని రెండు స్థాయిల్లో పెడతారు. ఒక విద్యార్థి రెండింటిలో ఒకటే రాయాలి. ఫౌండేషన్‌లో అన్నీ సరిగా రాసినా గ్రేడు 5 దగ్గరే ఆగుతుంది. హయ్యర్‌లో 9 నుంచి 4 వరకు ఇస్తారు. 4 కొద్దిలో తప్పితే 3 ఇస్తారు, అంతకన్నా తక్కువైతే అసలు గ్రేడే ఉండదు. గ్రేడు 4ను మామూలు పాస్‌గా, 5ను గట్టి పాస్‌గా లెక్కిస్తారు.

ఏ స్థాయి రాయించాలో స్కూలు తేలుస్తుంది. పరీక్షలు మే, జూన్ నెలల్లో. పేర్లు పంపేది అంతకు కొన్ని నెలల ముందు, ఫిబ్రవరి చుట్టుపక్కల. అక్టోబరులో ఒక తండ్రి ఫోన్ చేసి "మావాణ్ని ఫౌండేషన్‌లో పెట్టారండీ, వాడికి 6 రావాలి" అంటే టీచరు చేతిలో ఉన్నది మేదాకా కాదు, ఫిబ్రవరిదాకానే. అప్పటికల్లా మాక్ పరీక్షలో కుర్రాడు హయ్యర్‌కు తగ్గట్టు రాసి చూపించాలి, అది చూసి స్కూలు ఒప్పుకోవాలి.

హయ్యర్‌లో గ్రేడు 4కు సాధారణంగా మొత్తం మార్కుల్లో ఐదో వంతు, అటూఇటూగా, వస్తే చాలు. ఫౌండేషన్‌లో అదే గ్రేడు 4 కావాలంటే నూటికి సుమారు అరవై తెచ్చుకోవాలి. అయినంతమాత్రాన హయ్యరే తేలికని అనుకోకూడదు. హయ్యర్ పేపర్లో సగానికి పైగా ప్రశ్నలు బలహీనమైన విద్యార్థికి అంతుపట్టవు. గంటన్నర సేపు తెల్లకాగితం ముందు కూర్చోవడం పిల్లల గుండె జార్చేస్తుంది. ఫౌండేషన్‌లో చాలా ప్రశ్నలు చేతికి అందుతాయి, కానీ పొరపాట్లకు చోటు తక్కువ.

టీచరు ఈ రెండింటిలో ఏది చెబుతాడో ప్రొఫైల్‌లో స్పష్టంగా రాయాలి. రెండూ చెబితే ఒక్కో దానిలో ఎంతమందికి చెప్పాడో రాయాలి. గ్రేడు 8 పిల్లాణ్ని 9కి చేర్చే పని వేరు, గ్రేడు 3 పాపను 4కు తెచ్చే పని వేరు. రెండోది చేసే టీచరు భిన్నాలు, నిష్పత్తులు, శాతాల దగ్గర వారాల తరబడి ఓపిగ్గా కూర్చోవాలి.

3. మన పదో తరగతి లెక్కలు బాగా చెప్పే టీచరుకూ జీసీఎస్‌ఈ హయ్యర్‌లో కొత్త పాఠాలు ఎదురవుతాయని మీకు తెలుసా?

ఇంగ్లండ్ ఇయర్ 11 పిల్లల ఈడు మన పదో తరగతి ఈడే. వాళ్ల తరగతి అంకెలోంచి ఒకటి తీసేస్తే దాదాపు మన తరగతి వస్తుంది. అందుకే "పదో తరగతి లెక్కలే కదా" అని చాలామంది దిగుతారు. పాఠాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

సైన్ రూల్, కొసైన్ రూల్ మన పదో తరగతిలో లేవు. సదిశలు లేవు, విలోమ ప్రమేయాలు, సంయుక్త ప్రమేయాలు లేవు. మన దగ్గర ఇవన్నీ ఇన్నేళ్లుగా ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏ పుస్తకంలో వచ్చినవి. ఇంగ్లండ్‌లో హయ్యర్ రాసే పదహారేళ్ల పిల్లలకు ఇవి మామూలు పాఠాలు. కొలతను గుండ్రం చేసినప్పుడు అసలు విలువ ఏ రెండు హద్దుల మధ్య ఉంటుందో లెక్కగట్టే పాఠం ఉంది. ఒకే సూత్రంలో జవాబును మళ్లీమళ్లీ వేసి సమీకరణ మూలానికి దగ్గరవుతూ పోయే పాఠం ఉంది. వేగం, కాలం గ్రాఫు కింది వైశాల్యాన్ని పట్టీలుగా కోసి అంచనా వేసే పాఠం ఉంది. మన టీచర్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇటు మనం చెప్పేవి కొన్ని వాళ్లకు అక్కర్లేదు. త్రికోణమితి సర్వసమీకరణాల నిరూపణలు జీసీఎస్‌ఈలో లేవు. అంకశ్రేఢిలో nవ పదం ఉంది కానీ n పదాల మొత్తం అడగరు. తెలంగాణ పదో తరగతి పుస్తకంలో ఉన్న సంవర్గమానాలు ఇంగ్లండ్ పిల్లలకు జీసీఎస్‌ఈ తర్వాతి రెండేళ్ల ఏ లెవెల్ కోర్సులో ఎదురవుతాయి. ఇష్టం కొద్దీ వీటిని చెబుతూ కూర్చుంటే వారానికి ఒక్క గంట కొనుక్కున్న పాపకు నష్టం.

క్యాలిక్యులేటర్ సంగతీ ఉంది. మన బోర్డు పరీక్షల్లో దాన్ని వాడనివ్వరు. జీసీఎస్‌ఈలో మూడింట రెండు పేపర్లు దానితోనే. ప్రమేయం విలువల పట్టికను ఒక్కసారిగా తెప్పించడం, ముందు వచ్చిన జవాబును తర్వాతి మెట్టులో మళ్లీ వాడడం, డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోవడం కూడా టీచరే నేర్పాలి. కాబట్టి "సిలబస్ మీద పట్టుంది" అని రాసే బదులు, "హయ్యర్‌లో సదిశలు, ప్రమేయాలు, హద్దులు, పునరావృత పద్ధతి చెబుతాను. క్యాలిక్యులేటర్ వాడకం నేర్పుతాను" అని రాస్తే, సిలబస్ తెలిసినవాళ్లకు ఆ పట్టు కనిపిస్తుంది.

4. జవాబు తప్పయినా మూడింట రెండు మార్కులు రావచ్చని, ఏ మెట్టుకు ఎంతో బోర్డే బయటపెడుతుందని మీకు తెలుసా?

ప్రతి బోర్డూ పాత ప్రశ్నపత్రాలతోపాటు వాటిని ఎలా దిద్దాలో చెప్పే మార్క్ స్కీమ్‌నూ ఇంటర్నెట్‌లో పెడుతుంది. అందులో M1 అంటే సరైన పద్ధతికి ఒక మార్కు, A1 అంటే సరైన జవాబుకు ఒక మార్కు. మెట్టు చూపినా చూపకపోయినా ఇచ్చే మార్కుకు B1 అని ఉంటుంది. oe అని ఉంటే దానికి సమానమైన రూపం ఏదైనా ఒప్పుకుంటారు. cao అని ఉంటే కచ్చితంగా ఆ జవాబే ఉండాలి.

ఒక లెక్క చూద్దాం. 2x² + 5x − 4 = 0 ను సాధించి, జవాబులు రెండు దశాంశ స్థానాలకు ఇవ్వమన్నారు, మూడు మార్కులు. ఇలాంటి లెక్కకు సాధారణంగా సూత్రంలో విలువలు సరిగా వేసినందుకు ఒక మార్కు, (−5 ± √57) / 4 వరకు తెచ్చినందుకు ఒకటి, 0.64, −3.14 అనే రెండు జవాబులకు ఇంకొకటి ఇస్తారు.

ఇద్దరు పిల్లలు ఒకే పొరపాటు చేశారనుకుందాం. క్యాలిక్యులేటర్‌లో బ్రాకెట్ పెట్టకుండా −5 + √57 ÷ 4 అని నొక్కారు. మొత్తాన్ని 4తో భాగించాల్సింది √57 ఒక్కదాన్నే భాగించారు, −3.11 వచ్చింది. మొదటి కుర్రాడు (−5 ± √57) / 4 అనే మెట్టు కాగితం మీద రాసి ఆ తర్వాత తప్పు జవాబు వేశాడు. అతనికి రెండు మార్కులు వస్తాయి. రెండో కుర్రాడు −3.11 అని జవాబొక్కటే రాశాడు. అతనికి సున్నా. ఇద్దరికీ లెక్క తెలుసు, మార్కులు తెచ్చిపెట్టింది మాత్రం కాగితం మీది మెట్టు.

కొందరు పిల్లలు క్లాసులో నోటితో అన్నీ సరిగా చెబుతారు, పరీక్షలో మార్కులు రావు. కారణం చాలాసార్లు ఇదే. ఆన్‌లైన్‌లో ఇది టీచరు కంట పడటం ఇంకా కష్టం, ఎందుకంటే తెర మీద కనిపించేది మొహం, కాగితం కాదు. అందుకే పిల్లవాడి చేతిరాత ఎలా చూస్తారో ప్రొఫైల్‌లో రాయాలి. కాగితం మీదికి వంచిన రెండో కెమెరాయా, రాత టాబ్లెట్టా, క్లాసు అయ్యాక ఫోన్‌తో తీసిన స్కానా? "ప్రతి వారం ఇంటిపని బోర్డు మార్క్ స్కీమ్ ప్రకారం దిద్ది, ఏ మెట్టుకు మార్కు పోయిందో గుర్తుపెట్టి పంపుతాను" అనే వాక్యం కింద అలా దిద్దిన ఒక పేజీ నమూనా పెడితే, దాన్ని మించిన అర్హత పత్రం లేదు.

5. "మా పిల్లల్లో డెబ్బై శాతం పాస్" అంటే ఏమీ చెప్పనట్టేనని మీకు తెలుసా?

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లల్లో ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు లెక్కల్లో గ్రేడు 4 గానీ అంతకన్నా పైది గానీ తెచ్చుకుంటారు. ట్యూషన్ లేనివాళ్లూ ఇందులో ఉన్నారు. అంటే డెబ్బై శాతం పాస్ అని చెప్పుకున్న టీచరు దేశం సగటు దగ్గర ఉన్నట్టు, అంతే. తొంభై శాతం అన్నా, ఆ పిల్లలు వచ్చేటప్పటికే 6లో ఉన్నవాళ్లయితే అందులో టీచరు చేసింది ఎంతో తెలియదు.

దీనికి అటువైపు ఇంకో గుంపు ఉంది. ఇంగ్లండ్‌లో 4 రాని పిల్లలు పదహారేళ్లు దాటాక కాలేజీలో చేరినా లెక్కలు చదువుతూనే ఉండాలి. వాళ్లు నవంబరులో గానీ మరుసటి వేసవిలో గానీ మళ్లీ రాస్తారు. వేసవిలో అలా రాసినవాళ్లలో 4 తెచ్చుకునేవాళ్లు ఈమధ్య ఏళ్లలో ఐదుగురిలో ఒక్కరికన్నా తక్కువే. అలాంటి పిల్లలు నలుగురు వచ్చి ఇద్దరు 4 తెచ్చుకుంటే, శాతంగా చూస్తే యాభై, చేసిన పనిగా చూస్తే ఆ తొంభై శాతం టీచరుకు ఏమాత్రం తీసిపోదు.

ఫలితం అర్థం కావాలంటే నాలుగు సంగతులు కలిపి రాయాలి. వచ్చినప్పుడు ఎంత, ఎన్ని నెలలు చదివారు, చివరికి ఎంత, మధ్యలో మానేసినవాళ్లు ఎందరు. ఈ నాలుగోది సాధారణంగా రాయరు. ఇరవైమంది చేరి, కష్టంగా ఉందని పన్నెండుమంది మానేసి, మిగిలిన ఎనిమిదిమందీ పాసైతే "నూటికి నూరు" అని రాసుకోవచ్చు. అది అబద్ధం కాదు గానీ చదివినవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

గ్రేడు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఆగస్టులో బోర్డు ఇచ్చే గ్రేడు ఒకటి, స్కూల్లో మాక్‌కు వచ్చేది ఒకటి, టీచర్లు అంచనా వేసి ఇచ్చేది ఇంకొకటి. ఈ మూడూ తరచుగా కలవవు. మొదట మాక్ గ్రేడు, చివర బోర్డు గ్రేడు అయితే ఆ మాట రాయాలి. ఇంకొకటి, పదిమంది కూడా లేనప్పుడు శాతాలు రాయడం మంచిది కాదు. "నలుగురిలో ముగ్గురు" అని రాస్తే చదివేవాళ్లు తామే బేరీజు వేసుకుంటారు.

6. మార్కులు పెరిగినట్టు కనిపించినా చదువు పెరగకపోవచ్చని మీకు తెలుసా?

గ్రేడు హద్దులు ముందే రాసిపెట్టి ఉండవు. పేపరు కష్టంగా వస్తే హద్దు కిందికి, తేలికగా వస్తే పైకి జరుగుతుంది. అందుకే రెండు వేర్వేరు ఏళ్ల పేపర్లలో వచ్చిన మార్కులను నేరుగా పోల్చకూడదు. ఒక ఏడాది 6కు 105 కావాల్సి వచ్చి, ఇంకో ఏడాది 98 చాలితే, అవే 102 మార్కులు ఒకచోట 5, ఇంకోచోట 6. మార్కుల పక్కన అది ఏ పరీక్ష, ఏ ఏడాది పేపరు, దాని హద్దుల ప్రకారం గ్రేడు ఎంత అన్నది ఉండాలి.

పిల్లలు పేపరు ముందే చూసి ఉండటం ఇంకో చిక్కు. స్కూళ్లు మాక్‌కు చాలాసార్లు ఈమధ్య ఏళ్ల అసలు పేపర్లే ఇస్తాయి. అవి జవాబులతో సహా బయట దొరుకుతాయి. ఎప్పుడూ తొంభై దాటని పిల్లవాడు హఠాత్తుగా నూట యాభై తెస్తే సంతోషించే ముందు, అందులోని రెండు లెక్కలను అంకెలు మార్చి మళ్లీ చేయించాలి. చేస్తే నిజంగా నేర్చుకున్నట్టు. ఆగిపోతే జవాబు గుర్తుపెట్టుకున్నట్టు.

ఉదాహరణకు హయ్యర్ రాసే ఒక పాప ఉందనుకుందాం. హయ్యర్‌లో మార్కుల వాటాలు సుమారుగా ఇలా ఉంటాయి: సంఖ్యలకు 15 శాతం, బీజగణితానికి 30, నిష్పత్తులకు 20, రేఖాగణితానికి 20, సాంఖ్యకం, సంభావ్యతలకు 15. ఎడెక్సెల్ 240 మార్కుల్లో ఇవి 36, 72, 48, 48, 36 అవుతాయి. అక్టోబరు మాక్‌లో పాపకు వరసగా 22, 21, 23, 16, 20 వచ్చాయి, మొత్తం 102. అమ్మ చూసేది 102నే. టీచరు చూడాల్సింది బీజగణితంలో 72కు 21, రేఖాగణితంలో 48కి 16. పోయిన 138 మార్కుల్లో 83 ఈ రెండు చోట్లే పోయాయి.

అప్పుడు పన్నెండు వారాల పని తేలిపోతుంది. మొదటి ఆరు వారాలు బీజగణితమే. బ్రాకెట్లు, కారణాంకాలు, సూత్రంలో కర్తను మార్చడం, వర్గ సమీకరణాలు. తర్వాత మూడు వారాలు వృత్త సిద్ధాంతాలు, సైన్ రూల్, కొసైన్ రూల్. చివరి మూడు వారాలు నిష్పత్తులు, కలగలిపిన పేపర్లు. ఫిబ్రవరిలో పాప చూడని పేపరు పెడితే 26, 38, 31, 26, 24 వచ్చాయి, మొత్తం 145. బీజగణితంలో 17, రేఖాగణితంలో 10, నిష్పత్తుల్లో 8 పెరిగాయి. పని చేసిన చోటే మార్కులు పెరిగాయి కాబట్టి అది క్లాసు ఫలమని నమ్మొచ్చు. ముట్టుకోని సాంఖ్యకంలో ఒక్కసారిగా పదిహేను పెరిగి, బీజగణితం కదలకుండా ఉంటే, పేపరు తేలికైందో పాప స్కూల్లో నేర్చుకుందో అనుకోవాలి. ఇలాంటి ఒక్క విద్యార్థి లెక్కను పేరు లేకుండా ప్రొఫైల్‌లో పెడితే, ఆ టీచరు ఎలా ఆలోచిస్తాడో చదివేవాళ్లకు తెలుస్తుంది.

7. పిల్లల ఫలితాలు చూపించడానికి రాతపూర్వక రుజువు, అనుమతి కావాలని మీకు తెలుసా?

బ్రిటన్‌లో ప్రకటనల నియమావళి ప్రకారం, సరిచూడదగిన ఏ మాట రాసినా దానికి ఆధారం ముందే చేతిలో ఉండాలి. ఎవరో మెచ్చుకున్నారని వేసుకుంటే అది నిజమైనదేనన్న రుజువు కూడా దగ్గరుండాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. తప్పకుండా ఫలితం వస్తుందనే హామీలు ఇవ్వకూడదు, ఉత్తీర్ణులైన విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఆ విద్యార్థి ఏ కోర్సు తీసుకున్నాడో చెప్పాలి. అవి యాభైమందికి మించి చదివే కోచింగ్ సెంటర్లను ఉద్దేశించినవి. ఒంటరిగా చెప్పే టీచరు వాటి కిందికి రాకపోయినా, అదే పద్ధతి పాటిస్తే పోయేదేమీ లేదు.

ఇక్కడ చదువుతున్నది మైనర్లు. ఫలితాల కాగితం ఫొటో తీసి పెడితే పేరు, అభ్యర్థి నంబరు, స్కూలు అన్నీ బయటపడతాయి. పేరు చెరిపి స్కూలు వదిలేసినా, ఊరు, ఏడాది, గ్రేడు కలిస్తే ఆ చుట్టుపక్కల వాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. "ఇయర్ 11, హయ్యర్, 5 నుంచి 7, తొమ్మిది నెలలు" అంటే చాలు. తల్లిదండ్రుల నుంచి ఈమెయిల్‌లో అనుమతి తీసుకుని దాచుకోవాలి, వద్దన్న రోజున తీసెయ్యాలి. కొత్తగా అడిగేవాళ్లు రుజువు కావాలంటే, ఒప్పుకున్న పాత తల్లిదండ్రులతోనే మాట్లాడించవచ్చు.

క్లాసు రికార్డింగుల సంగతీ ప్రొఫైల్‌లో ఉండాలి. రికార్డు చేస్తారా, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకు చెరిపేస్తారు? క్లాసప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వినిపించే దూరంలో ఉండాలని, పిల్లలతో విడిగా ఫోన్ మెసేజులు ఉండవని, ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే మాట్లాడతానని టీచరు తానే ముందు రాస్తే, అడగడానికి మొహమాటపడే అమ్మానాన్నలకు ఊరటగా ఉంటుంది.

8. మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి క్లాసు టైము గంట జరుగుతుందని మీకు తెలుసా?

బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మన గడియారం మారదు. అందుకని వేసవిలో వాళ్లకూ మనకూ తేడా నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. లండన్‌లో సాయంత్రం ఐదింటి క్లాసు వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నరకు, చలికాలంలో పదిన్నరకు వస్తుంది. పరీక్షకు కసరత్తు జరిగేది చలికాలంలోనే. రోజూ రెండు క్లాసులు ఒప్పుకున్న టీచరుకు రాత్రి పన్నెండున్నర అవుతుంది. పగలు స్కూల్లో పనిచేస్తూ అలా చెబితే ఫిబ్రవరికల్లా క్లాసులు వాయిదా పడటం మొదలవుతుంది. సరిగ్గా పిల్లలకు అవసరమైన సమయంలో.

అందుకే ప్రొఫైల్‌లో టైములు లండన్ గడియారం ప్రకారమే రాయాలి, ఏడాది పొడవునా అవి మారవని చెప్పాలి, మార్పేదైనా ఉంటే తన వైపు సర్దుకోవాలి. వారానికి ఎన్ని క్లాసులకు మించి ఒప్పుకోడో కూడా రాస్తే మంచిది. శని, ఆదివారాల్లో లండన్ ఉదయం పది గంటలంటే మనకు మధ్యాహ్నం రెండున్నరో మూడున్నరో. అలసట లేకుండా చెప్పడానికి అదే మేలైన వేళ, పరీక్షలు దగ్గరపడిన పిల్లలను ఆ వేళకు మార్చుకోవచ్చు.

అన్నీ కలిపి రాస్తే ప్రొఫైల్ ఎలా ఉంటుంది?

పైన చెప్పినవన్నీ కలిపితే ఇలా ఉంటుంది. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం వేసినవి.

"ఇంగ్లండ్ జీసీఎస్‌ఈ మ్యాథ్స్ చెబుతాను. ఎడెక్సెల్ 1MA1, ఏక్యూఏ 8300, ఫౌండేషన్, హయ్యర్ రెండూ. స్కాట్లండ్ కోర్సులు, ఐజీసీఎస్‌ఈ చెప్పను. మొదటి క్లాసులో పాత మాక్ పేపరు చూసి, ఏ భాగంలో ఎన్ని మార్కులు పోతున్నాయో ఒక పేజీలో రాసిస్తాను. మీరు చేరకపోయినా ఆ పేజీ మీదే. ఇంటిపని బోర్డు మార్క్ స్కీమ్ ప్రకారం దిద్దుతాను, నమూనా కింద ఉంది. గత రెండేళ్లలో 14 మంది చేరారు, ముగ్గురు మధ్యలో మానేశారు, 11 మంది పరీక్ష రాశారు. హయ్యర్ రాసిన ఏడుగురిలో ఆరుగురికి చేరినప్పటి మాక్ గ్రేడు కన్నా బోర్డు గ్రేడు పెరిగింది, వాళ్లలో ఇద్దరికి రెండు గ్రేడ్లు. ఒకరికి 5 దగ్గరే ఆగింది. గ్రేడు 3తో వచ్చి ఫౌండేషన్ మళ్లీ రాసిన నలుగురిలో ముగ్గురికి 4 వచ్చింది. లండన్ సమయం ప్రకారం సోమ, బుధ సాయంత్రం 5, శనివారం ఉదయం 10. వారానికి ఎనిమిది క్లాసులకు మించి తీసుకోను. ఈ వివరాలు ఈ సెప్టెంబరులో సరిచూసినవి."

చివరి వాక్యాన్ని ఏటా నిజం చేయాలి, ఎందుకంటే సిలబస్‌లు మారుతుంటాయి. కేంబ్రిడ్జి 0580 కోర్సులో 2025 పరీక్షల నుంచి క్యాలిక్యులేటర్ లేని పేపరు వచ్చింది. ఇంగ్లండ్ జీసీఎస్‌ఈలో ఒకప్పుడు పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రాలను 2022 నుంచి కాగితం మీద ఇస్తున్నారు. పాత ప్రొఫైల్‌లో "సూత్రాలన్నీ బట్టీ పెట్టిస్తాను" అని ఉంటే ఆ టీచరు ఈమధ్య పేపర్లు చూడలేదని ఇట్టే తెలిసిపోతుంది.

పైన రాసిన ప్రొఫైల్‌లో 5 దగ్గర ఆగిన విద్యార్థి ఉన్నాడు, మానేసిన ముగ్గురున్నారు, చెప్పని కోర్సులున్నాయి. వాటిని చూసి ఇద్దరు ముగ్గురు వెళ్లిపోవచ్చు. మిగిలినవాళ్లు మిగతా అంకెలను నమ్మేది ఇవి కూడా రాశారు కాబట్టే. అలా చేరే తల్లిదండ్రులకు తమ బిడ్డ ఎక్కడుందో, ఫిబ్రవరికల్లా ఎక్కడికి రావాలో మొదటి రోజే తెలిసి ఉంటుంది.